తోచినంత ఇవ్వండి అన్నప్పుడు వచ్చింది ఎందరు, మిగిలింది ఎంత: ఒక వర్క్‌షాప్ లెక్క

బుకింగ్ షీటులో 64 పేర్లు. తీరా హాల్లో కూర్చున్నది 38 మంది. టికెట్ తీసేసి "మీకు తోచినంత ఇవ్వండి" అని పెట్టిన నాలుగు సెషన్ల మొత్తం ఇది. అదే వర్క్‌షాప్‌ని ధర పెట్టి అమ్మిన నాలుగు సెషన్లలో 46 పేర్లు పడ్డాయి, 43 మంది వచ్చారు. పేర్లు పెరిగి మనుషులు తగ్గడం ఏమిటన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న. డబ్బు సంగతి కూడా దాని వెనకే వస్తుంది.

ముందుగా ఒక మాట. ఇది లెక్క విప్పి చూపడానికి కట్టిన నమూనా కేసు. గుండ్రని అంకెలు అందుకే. పూర్తి టికెట్‌ని 100 అనుకుని మిగతావన్నీ ఆ కొలతలోనే రాశాను కాబట్టి మీ ధర ఎంతైనా అదే నిష్పత్తిలో మార్చుకోవచ్చు. అంకెలు మీ దగ్గర వేరుగా ఉంటాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

వర్క్‌షాప్ మూడు గంటలది: చేత్తో నోట్‌బుక్ కుట్టి బైండింగ్ చేయడం. బల్లల దగ్గర 16 మందికే చోటు. హాలు అద్దె, ఒక సహాయకుడి కూలి కలిపి సెషన్‌కి 500, ఎందరు వచ్చినా రాకున్నా. ఒక్కొక్కరి కిట్‌కి (కత్తిరించిన కాగితం, అట్ట ముక్కలు, మైనం పూసిన దారం, సూది) 15 ఖర్చు. వాడని కిట్లు తర్వాతి సెషన్‌కి పనికొస్తాయి, అందుకని వచ్చినవాళ్ల కిట్లే లెక్కలోకి తీసుకున్నాను. నేర్పేవారికి విడిగా జీతం లేదు, ఇవన్నీ పోగా మిగిలిందే వారి సంపాదన. చిన్న వర్క్‌షాపులు చాలావరకు ఇలాగే నడుస్తాయి. అంటే ధర ప్రయోగం తప్పితే ఆ దెబ్బ నేరుగా నేర్పేవారి చేతి మీదే పడుతుంది.

మూడు పద్ధతులు, ఒక్కోదానికి నాలుగు సెషన్లు. మొదటిది 100 టికెట్, ముందే చెల్లింపు. రెండోది ఉచిత బుకింగ్, చివర్లో తోచినంత. మూడోది సీటు కోసం 30 అడ్వాన్స్, చివర్లో తోచినంత. వారం, వేళ, పోస్టరు ఒక్కటే. పోస్టరులో ధర గురించిన వాక్యం మాత్రమే మారింది. మూడింటినీ వరసగా నాలుగేసి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ పెట్టారు. అలా చెయ్యకపోతే సెలవుల నెల మొత్తం ఒకే పద్ధతి ఖాతాలో పడి లెక్క పాడవుతుంది.

| | టికెట్ 100 | ఉచిత బుకింగ్, తోచినంత | 30 అడ్వాన్స్, తోచినంత |
|---|---|---|---|
| బుక్ చేసినవాళ్లు | 46 | 64 | 59 |
| వచ్చినవాళ్లు | 43 | 38 | 52 |
| వచ్చిన డబ్బు | 4600 | 2140 | 4070 |
| కిట్లు | 645 | 570 | 780 |
| హాలు, సహాయకుడు | 2000 | 2000 | 2000 |
| మిగులు | 1955 | −430 | 1290 |

మధ్య నిలువు వరసనే ముందు చూద్దాం. నాలుగు సెషన్లూ బుకింగ్ తెరిచిన కాసేపటికే నిండిపోయాయి. 16 చొప్పున 64 పేర్లు, ఆపైన వెయిటింగ్ లిస్టు. ఆ దశలో చూస్తే ప్రయోగం గొప్పగా ఫలించిందనే అనిపిస్తుంది. కానీ హాజరు చూడండి: 9, 11, 8, 10. పేరు ఇచ్చిన పదిమందిలో నలుగురు రాలేదు. అంతకన్నా బాధ కలిగించేది, సీట్లు లేవని తిప్పి పంపిన వెయిటింగ్ లిస్టువాళ్లలో కచ్చితంగా వచ్చేవాళ్లు ఉండి ఉంటారు. హాలు సగం ఖాళీగా ఉంది, రావాలనుకున్నవాళ్లు ఇంట్లో ఉన్నారు.

ఇది మనుషుల బాధ్యతారాహిత్యం అనుకుంటే పొరపాటు. ఉచితంగా పేరు ఇవ్వడమంటే చాలామందికి "వీలైతే వస్తాను" అని చెప్పడమే. డబ్బు కట్టడం "వస్తాను" అనడం. ఫారం రెండు మాటల్నీ ఒకే గడిలో రాసుకుంటోంది, తప్పు అక్కడుంది. ముందే కట్టిన సొమ్ము మనిషిని కదిలిస్తుందన్నది పరిశోధనల్లోనూ కనిపించింది. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రచురించిన అధ్యయనంలో ఒక నాటకాల సీజన్ టికెట్‌ని కొందరికి పూర్తి ధర 15 డాలర్లకు, మిగిలినవారికి లాటరీ పద్ధతిలో 13కో 8కో ఇచ్చారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. రెండో సగానికి వచ్చేసరికి ఆ తేడా నిలవలేదు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోవాలి. కట్టిన డబ్బు బలం రోజులు గడిచేకొద్దీ కరుగుతుంది. నెలన్నర ముందు అమ్మిన టికెట్ కన్నా పది రోజుల ముందు అమ్మిన టికెట్ మనిషిని గట్టిగా పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు డబ్బు. వచ్చిన 38 మంది ఇచ్చింది ఇలా ఉంది: అయిదుగురు ఏమీ ఇవ్వలేదు, ఏడుగురు 20 చొప్పున, పదిహేను మంది 50 చొప్పున, ఎనిమిది మంది 100 చొప్పున, ముగ్గురు 150 చొప్పున. మొత్తం 2140. తలకి 56. "టికెట్‌లో సగానికి పైగానే ఇచ్చారు కదా, ఫరవాలేదు" అని నిర్వాహకులు ఊరట పడేది ఈ సగటు చూసే. ఆ సగటుని రెండు రకాలుగా పరీక్షించాలి.

ఒకటి, పైనున్న ముగ్గురిని తీసేసి మళ్లీ వెయ్యండి. 35 మందికి 1690, తలకి 48. ముగ్గురు మనుషులు సగటుని ఎనిమిది పైకి లాగారు. తర్వాతి నెల ఆ ముగ్గురు రాకపోవచ్చు, కాబట్టి బడ్జెట్ వేసుకోవాల్సింది వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి ఇచ్చిన మొత్తం మీద. ఇక్కడ అది 50.

రెండోది ఇంకా ముఖ్యం. వచ్చినవాళ్ల సంఖ్యతో కాకుండా బుక్ అయిన సీట్ల సంఖ్యతో భాగించండి. 2140ని 64తో భాగిస్తే 33. మీరు అమ్ముతున్నది సీటు. ఒక పేరు పడగానే ఆ సీటు ఇంకెవరికీ దక్కదు, కాబట్టి దాని ఆదాయమూ సీటు లెక్కనే చూడాలి. టికెట్ సెషన్లలో ఈ అంకె 100, అడ్వాన్స్ సెషన్లలో 69. మూడు పద్ధతుల్ని పోల్చడానికి నేను నమ్మే కొలత ఇదొక్కటే. హాజరు, చెల్లింపు రెండూ ఇందులోనే కలిసిపోతాయి.

టికెట్‌తో సమానంగా మిగలాలంటే తోచినంత పద్ధతిలో మనుషులు ఎంత ఇవ్వాలో కూడా ముందే తేల్చుకోవచ్చు. టికెట్ పద్ధతిలో సెషన్‌కి సుమారు 489 మిగిలింది. దానికి హాలు, సహాయకుడి 500 కలిపితే 989. దాన్ని వచ్చినవాళ్ల సంఖ్యతో భాగించి కిట్ 15 కలపండి. ఉచిత బుకింగ్‌లో సెషన్‌కి సగటున తొమ్మిదిన్నర మంది వచ్చారు, కాబట్టి తలకి 119 రావాలి. అంటే టికెట్ ధర కన్నా ఎక్కువ! ఎంత ఉదారులైనా అడగని ధర కన్నా పైన ఇస్తారని ఆశించి వర్క్‌షాప్ నడపలేం. హాలు నిండి పదహారు మందీ వస్తే కావలసింది తలకి 77 మాత్రమే. తోచినంత పద్ధతికి ప్రాణం నిండిన హాల్లోనే ఉంది. ఉచిత బుకింగ్ సరిగ్గా దాన్నే దెబ్బ తీస్తోంది.

అలాగైతే విమానాలవాళ్లలా ఎక్కువ సీట్లు బుక్ చేసుకుంటే? చెయ్యొచ్చు. ఈ కేసులో హాజరు బుకింగ్‌లో సగం నుంచి 69 శాతం మధ్య ఊగింది. 22 పేర్లు తీసుకుంటే మామూలుగా 13 మంది వస్తారు, ఎక్కువ వచ్చిన రోజున కూడా 15 దాటరు. అంటే బల్లల దగ్గర ఎవరూ నిలబడాల్సిన పని ఉండదు. కానీ 13 మంది తలకి 56 ఇచ్చి, కిట్లు, హాలు పోతే మిగిలేది 33. హాలు చాలావరకు నిండింది, నేర్పేవారి చేతిలో పడింది మాత్రం దాదాపు సున్నా. పైగా నాలుగు సెషన్ల అనుభవం మీద వేసిన ఈ అంచనా అయిదోసారి తప్పి 18 మంది వస్తే ఇద్దరిని గుమ్మంలోనుంచి వెనక్కి పంపాలి. చేతిపని నేర్పే వర్క్‌షాప్‌లో అలా చెయ్యకూడదన్నది నా పట్టుదల. ఉపన్యాసానికైతే ఇంకో కుర్చీ వేస్తే సరిపోతుంది, ఇక్కడ బల్ల, సూది, నేర్పేవారి చెయ్యి కూడా కావాలి.

అందుకే మూడో పద్ధతి. 30 అడ్వాన్స్ ఎందుకు, 10 ఎందుకు కాదు, 60 ఎందుకు కాదు? హాలు, సహాయకుడి ఖర్చు 500ని 16 సీట్లకు పంచితే ఒక్కో సీటు వాటా 31. రాని మనిషి వల్ల మీకు పోయేది సుమారుగా అంతే, ఎందుకంటే అతని కిట్ మీ దగ్గరే ఉంటుంది. అడ్వాన్స్‌ని ఆ వాటా దగ్గర పెడితే ఖాళీ కుర్చీ నష్టం తేదు. 10 పెడితే పోయినా ఫరవాలేదనుకునే మొత్తం అయిపోతుంది. 60 పెడితే అది టికెట్టే, పేరు మార్చినంత మాత్రాన మోసపోయేవాళ్లు ఎవరూ ఉండరు.

అడ్వాన్స్ నియమం ఒక్క వాక్యంలో ఉండాలి: 48 గంటల ముందు చెబితే డబ్బు తిరిగి ఇస్తారు లేదా వేరే తేదీకి మారుస్తారు, ఆ తర్వాత ఇవ్వరు. 48 గంటలు ఎందుకంటే వెయిటింగ్ లిస్టులో ఉన్న మనిషికి ఫోన్ చేసి, వారు తమ రోజుని సర్దుకోవడానికి అంత వ్యవధి పడుతుంది. ఆ గడువుకి కాస్త ముందు, అంటే మూడు రోజుల ముందు ఒక మెసేజ్ వెళ్లాలి. "రేపటిలోగా చెబితే మీ అడ్వాన్స్ మీకు, మీ సీటు ఇంకొకరికి" అన్నంత చిన్నది చాలు. గుర్తు చేసే మెసేజ్‌ని ముందురోజు పంపితే రానివాళ్ల సంగతి తెలుస్తుంది గానీ సీటు నిండదు.

ఈ పద్ధతిలో 59 మంది బుక్ చేశారు, 52 మంది వచ్చారు. అడ్వాన్సుల మీద 1770. చివర్లో ఇచ్చింది 2300: తొమ్మిదిమంది అడ్వాన్స్ కాక ఏమీ ఇవ్వలేదు, ఎనిమిదిమంది 20, పదిహేడుమంది 40, పద్నాలుగుమంది 70, నలుగురు 120 చొప్పున. మధ్య మనిషి మొత్తం మీద ఇచ్చింది 70. ఉచిత బుకింగ్‌లో అది 50. వచ్చేవాళ్ల తీరు కొంత మారి ఉండొచ్చు, కానీ సున్నా దగ్గర మొదలుపెట్టి ఆలోచించే మనిషికి, 30 దగ్గర మొదలుపెట్టే మనిషికి చివర్లో చెయ్యి వెళ్లే చోటు వేరు.

ఆ తొమ్మిదిమంది గురించి కాస్త ఆగాలి. కొందరికి ఇవ్వడానికి లేదు, పద్ధతి పెట్టిందే వారి కోసం. కానీ కొందరు 30 మొత్తం ఫీజు అనుకున్నవాళ్లు కావచ్చు. ఈ తేడా ఎలా తెలుస్తుంది? బుకింగ్ పేజీలో "ఫీజు: 30 + తోచినంత" అని రాసి ఉంటే రెండో మాట కంటికి ఆనదు. "ఈ 30 సీటు నిలిపి ఉంచడానికి. వర్క్‌షాప్‌కి మీరు ఇవ్వాలనుకున్నది చివర్లో కవరులో" అని రాసిన తర్వాతి సెషన్లలో సున్నాలు తగ్గితే తప్పు మాటల్లోనే ఉందన్నమాట. తగ్గకపోతే అవి నిజమైన సున్నాలు, వాటిని అలాగే గౌరవించాలి.

మాటల సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి: "మీ ఇష్టం", "తోచినంత", "ఇవ్వగలిగినంత" మూడూ ఒకటి కావు. "మీ ఇష్టం" అంటే ఇవ్వకపోయినా సరే అని వినిపిస్తుంది. "ఇవ్వగలిగినంత" అనగానే మనిషి తన జేబు వైపు చూసుకుంటాడు. "తోచినంత" అంటే ఇవాళ నేర్చుకున్నదాని విలువ ఎంతా అని ఆలోచిస్తాడు. "విరాళం" అన్నారంటే చేసిన పనికి ప్రతిఫలం కాక ఎవరికో సాయం చేస్తున్నట్టవుతుంది, నేర్పేవారి శ్రమ ఆ మాటలో కనిపించదు. "ఉచితం" అన్న మాట పోస్టరులో ఎక్కడా ఉండకూడదు. ఒకసారి చదివాక చివర్లో ఎంత వివరంగా చెప్పినా ఆ ముద్ర పోదు.

తోచినంత అన్నప్పుడు తోచడానికి ఒక ఆధారం కావాలి. చాలామంది తక్కువ ఇచ్చేది పిసినారితనంతో కాదు, ఎంత ఇవ్వాలో తెలియక. ఆ తెలియనితనం కొందరిని అసలు రాకుండానే ఆపుతుంది. అయెలెట్ నీజీ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఒక విహార పడవ ప్రయాణికులకు వాళ్ల ఫోటోలు అమ్మారు. 5 డాలర్ల తక్కువ ధర పెట్టినప్పుడు కొన్నంత మంది కూడా "మీకు నచ్చినంత ఇవ్వండి" అన్నప్పుడు కొనలేదు. సున్నాకి కూడా తీసుకోవచ్చు కదా, అయినా వదిలేశారు. తక్కువ ఇచ్చి తమ కళ్లకే తాము చిన్నగా కనిపించడం ఇష్టం లేకపోవడమే కారణమని వారి వివరణ. వర్క్‌షాప్‌లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే మూడు గంటలు పక్కన కూర్చుని నేర్పిన మనిషి ఎదురుగానే ఉంటారు.

అందుకని ఖర్చు విప్పి చెప్పడం మేలు. కవరు మీద మూడు వాక్యాలు చాలు: "ఇవాళ ఒక్కొక్కరి కిట్, హాలు కలిపి సుమారు 55 ఖర్చయింది. 100 ఇస్తే నేర్పినవారి పనికి తగిన ప్రతిఫలం అందుతుంది. ఇంతకన్నా తక్కువా ఎక్కువా రెండూ సంతోషమే." 55 ఎక్కడిదంటే, 13 మంది వచ్చిన రోజున 500లో తలకి 38, కిట్ 15, మొత్తం 53. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. "కనీసం" అన్న మాట వాడితే అందరూ ఆ అంకె దగ్గరే ఆగిపోతారు, పైకి వెళ్లేవాళ్లు కూడా. రెండు అంకెలు చూపి ఏదీ కనీసం అనకపోతే మనుషులు వాటి మధ్యా, పైనా పరుచుకుంటారు.

ఎప్పుడు అడగాలన్నదీ లెక్కే. వర్క్‌షాప్ ముగిశాక చెబితే అప్పటికే నలుగురు సంచులు సర్దుకుని గుమ్మం దాటుతుంటారు. చివరి పదిహేను నిమిషాల ముందు, అంటే కుట్టు పూర్తయి అట్టకి జిగురు ఆరుతున్న సమయంలో, అందరి చేతులూ ఖాళీగా ఉన్నప్పుడు ఒక నిమిషంలో చెప్పాలి. చెప్పేది నేర్పినవారు కాకుండా సహాయకుడైతే మంచిది. కవర్లు బల్ల మీద ముందే ఉండాలి, పెట్టె గుమ్మం పక్కన ఉండాలి, దాని దగ్గర ఎవరూ నిలబడకూడదు. ఫోన్‌లో పంపేవారికి మొత్తం ఖాళీగా ఉన్న క్యూఆర్ కోడ్ పెట్టండి, కానీ అందులో పేరు కనిపిస్తుందని గుర్తుంచుకోండి. కవరు వేసినవాళ్లనీ ఫోన్‌లో పంపినవాళ్లనీ విడివిడిగా రాసుకోకపోతే, సగటు పెరిగింది మనసు వల్లా పేరు కనిపించడం వల్లా అన్నది తేలదు.

ఇక తుది లెక్క. టికెట్ పద్ధతిలో 1955 మిగిలింది, అడ్వాన్స్ పద్ధతిలో 1290. తేడా 665. దానికి బదులుగా తొమ్మిదిమంది ఎక్కువ వచ్చారు. ఒక్కో అదనపు మనిషికి నేర్పేవారు వదులుకున్నది సుమారు 74. ఎక్కువా తక్కువా అన్నది వర్క్‌షాప్ ఎందుకు పెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. సంపాదన కోసమే అయితే టికెట్ ఉంచి, ఖాళీగా మిగిలే నాలుగైదు సీట్లలో రెండింటిని సగం ధరకి ముందే ప్రకటించడం మెరుగు. కొత్తవాళ్లు రావాలి, ఇవ్వలేనివాళ్లకు తలుపు తెరవాలి అనుకుంటే 74 అన్నది తెలిసి పెట్టే ఖర్చు. అది నేర్పేవారి చేతి నుంచే వెళ్తోంది కాబట్టి ఆ నిర్ణయం నిర్వాహకులు ఒక్కరే చెయ్యకూడదు. సెషన్ మొదలుకాకముందే నేర్పేవారికి కనీస మొత్తం, ఉదాహరణకి 300, హామీగా రాసిచ్చి, తగ్గితే నిర్వాహకులు వేసుకోవాలి.

ఈ కేసు చెప్పలేనివి రెండున్నాయి. పద్ధతికి నాలుగేసి సెషన్లు చాలా తక్కువ. 43కీ 52కీ తేడా కొంత యాదృచ్ఛికం కావచ్చు, 64 పేర్లలో 38 మందే రావడం మాత్రం యాదృచ్ఛికం అనుకోవడానికి మరీ పెద్దది. రెండోది, పద్ధతుల్ని తిప్పుతూ పెట్టడంలో ఒక లోపం ఉంది. తోచినంత రోజున 40 ఇచ్చి వెళ్లిన మనిషి తన స్నేహితుడికి "నలభై ఇస్తే సరిపోతుంది" అని చెబుతాడు, ఆ స్నేహితుడికి తర్వాతి సెషన్ 100 ఎక్కువగా కనిపిస్తుంది. అంటే టికెట్ సెషన్ల బుకింగ్ అసలుకన్నా కాస్త తక్కువగా నమోదై ఉండొచ్చు. దీన్ని పట్టుకోవడానికి బుకింగ్ ఫారంలో "మా వర్క్‌షాప్ గురించి మీకు ఎవరు చెప్పారు?" అన్న ఒక్క గడి చేర్చండి. పాతవాళ్ల ద్వారా వచ్చినవాళ్లని విడిగా తీసి సీటు ఆదాయం మళ్లీ వేస్తే ఆ ప్రభావం ఎంతో బయటపడుతుంది.